భార్య మందుల సంగతి భర్త వాళ్ళమ్మకి చెప్పేశాడు. మాట బయటికి పోయాక నమ్మకం మళ్ళీ ఎలా కుదురుతుంది?

కొబ్బరాకు (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. ప్రశ్న కాస్త పొడుగు. వివరం లేకుండా అడిగితే సరైన సలహా రాదని మొత్తం రాస్తున్నాను.

కాన్పయిన ఐదో నెల నుంచి డాక్టరు గారు రాసిన సెర్ట్రలిన్ 50 మాత్ర వేసుకుంటున్నాను. ఈ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండాలని మొదటిరోజే అనుకున్నాం. ఆయన మందుల చీటీ ఫొటో తీసి వాళ్ళమ్మగారికి వాట్సాప్‌లో పెట్టారు, మిగతాది ఫోన్లో చెప్పారు. అత్తయ్యగారు తణుకులో ఉన్న వాళ్ళ చెల్లెలికి చెప్పారు. మొన్న పాలకొల్లులో సీమంతం భోజనాల దగ్గర ఆ పిన్నిగారు పులిహోర వడ్డిస్తూ, నలుగురూ వింటుండగా, "నిద్రమాత్రలు మానేశావా అమ్మా, పిల్లకి పాలిస్తున్నావు కదా" అన్నారు. విస్తట్లో చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కావిడ నా మొహంలోకి చూసి తల తిప్పేసుకుంది.

ఆయన సారీ చెప్పారు. వెంటనే "అమ్మకే కదా చెప్పింది, ఊరంతా చాటానా" అని కూడా అన్నారు. ఇప్పుడు ఆయనతో ఏదైనా చెప్పుకోవాలంటే నోరు రావట్లేదు. ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి? అత్తయ్యగారితో నేను మాట్లాడాలా, ఆయన మాట్లాడాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అరటిగెల (రావులపాలెం)

అత్తగారు ఇంట్లో ఉన్నంతకాలం ఈ బాధలు తప్పవమ్మా. వేరు కాపురం పెట్టేయండి. అద్దె ఐదారు వేలు పోయినా మనశ్శాంతి ఉంటుంది. పెద్దవాళ్ళకి నెలనెలా ఖర్చులకి పంపిస్తే చాలు.

కొబ్బరాకు (అంబాజీపేట)

మేం వేరుగానే ఉంటున్నామండి. అత్తయ్యగారు ముమ్మిడివరంలో ఉంటారు. ఆవిడతో నాకు గొడవేం లేదు, మంచావిడే. నా మాట ఆయన దగ్గర నిలవలేదన్నదే నా బాధ.

లేసు అల్లిక (నరసాపురం)

కొబ్బరాకు గారూ, ఫ్యామిలీ కౌన్సెలింగ్ నా వృత్తి. మీరు చివర రాసిన ముక్కే అసలు విషయం. అందుకని అత్తగారి సంగతి రెండోది. మొదటిది మీ ఇద్దరి మధ్య తేలాలి.

క్షమాపణ కంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఎంత బయటికి వెళ్ళిందో మొత్తం ఒకే విడతలో ఆయన చెప్పాలి. ప్రస్తుతం మీకు తెలిసింది పులిహోర దగ్గర బయటపడినంతే. ఇంకో ఫ్రెండుకో, ఆడపడుచుకో కూడా చెప్పారని మూడు నెలల తర్వాత ఇంకెక్కడో తెలిస్తే, ఇవాళ చెప్పిన సారీ కూడా అబద్ధమైపోతుంది. నేను చూసినంతలో జంటల మధ్య పూడ్చలేని దూరం తెచ్చేది మొదటిసారి మాట జారడం కాదు. నిజాన్ని వాయిదాల మీద చెప్పడం.

దీనికి ఒక పద్ధతి ఉంది. పాప పడుకున్నాక నలభై నిమిషాలు పెట్టుకోండి. తెల్లకాగితం మీద ఆయనే తన చేతిరాతతో రాయాలి. ఎవరికి చెప్పాను, ఏ మాటల్లో చెప్పాను, ఎప్పుడు, ఫోన్లోనా మెసేజిలోనా, అక్కణ్ణుంచి ఇంకెవరికి వెళ్ళిందని నాకు తెలుసు. ఇంతే. మీరు ప్రశ్నలతో పొడవొద్దు, ఆయన ఆగినప్పుడు "ఇంకా?" అని మాత్రం అడగండి. ప్రశ్న మీ నుంచి వస్తే ఆయన ప్రశ్నకి సరిపడా జవాబిచ్చి ఊరుకుంటారు, మీరు అడగనిది కాగితం మీదకి రాదు.

"ఏ మాటల్లో" అన్నచోట చాలామంది మగవాళ్ళు "ఏదో, పైపైన చెప్పాను" అని రాస్తారు. అక్కడ ఆగండి. "డాక్టరు మందు రాశారు" అని చెప్పడం ఒకటి, "ఊరికే ఏడుస్తోంది, నాకేం తోచట్లేదమ్మా" అనడం ఒకటి, "దానికి మతి బాగోలేదు" అనడం మరొకటి. మూడూ వేరువేరు గాయాలు. ఏది జరిగిందో తెలియకపోతే మీ మనసు వాటిల్లో అన్నిటికంటే చెడ్డదాన్నే పట్టుకుంటుంది.

ప్లీడరు గుమస్తా (మండపేట)

మందుల చీటీ వైద్య రహస్యం అవుతుందండి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు బయటపెట్టకూడదు. పైగా భార్యాభర్తల మధ్య జరిగిన మాటలు బయట చెప్పకూడదని సాక్ష్య చట్టంలోనే ఉంది. ఒక్క నోటీసు ఇప్పిస్తే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి.

గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

గుమస్తా గారూ, సెక్షన్లు ఉన్నమాట నిజమే గానీ మీరు చెప్పిన పనికి అవి రావు. ఆ 23వ సెక్షన్ కట్టడి చేసేది డాక్టర్ని, ఆసుపత్రిని, వైద్యం చేసే సిబ్బందిని. ఇంట్లో మొగుణ్ణి కాదు. భార్యాభర్తల మాటల సెక్షన్ పాత సాక్ష్య చట్టంలో 122, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 128. అది కోర్టులో సాక్ష్యం చెప్పించే విషయం వరకే. తల్లికి ఫోన్లో చెప్పడాన్ని అది ఆపదు. భార్యాభర్తలకే దావా నడిచినప్పుడైతే ఆ రక్షణ కూడా ఉండదు.

ఇక నోటీసంటారా, అది చదివేది ఆయన ఒక్కడే కాదు, ఆ ఇంట్లో అందరూ చదువుతారు. బయటికి పోకూడదనుకున్న మాట స్టాంపు వేసుకుని మరీ ఊరేగుతుంది.

23వ సెక్షన్ వల్ల మీకు నిజంగా పనికొచ్చేది ఒకటుంది. తరవాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, "నా భర్తతో తప్ప ఇంకెవరు ఫోన్ చేసినా, ఎవరు వచ్చి అడిగినా నా వివరాలు చెప్పకండి, కేసు కాగితంలో రాయండి" అని అడగండి. భర్తకి కూడా వద్దనుకుంటే అదే చెప్పొచ్చు. పెద్దవాళ్ళు ప్రేమకొద్దీ క్లినిక్కి ఫోన్ చేసి ఆరా తీయడం మన వైపు మామూలే.

ఒకటి మాత్రం వేరుగా చూడాలి. ఈ సంగతి పట్టుకుని "పిచ్చిదాన్ని అంటగట్టారు" అని పదేపదే నలుగురిలో అవమానించడం, పిల్లని లాక్కుంటామనడం మొదలైతే అది 2005 గృహహింస చట్టం కిందికి రావచ్చు. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆ కోవలోది కాదు.

లాకు కాపలా (బొబ్బర్లంక)

ఆయ్, నాకు కౌన్సెలింగులు తెలవ్వు గానీ కాలవ తెలుసు. గట్టుకి గండి పడితే కొత్తవాళ్ళు ఇసుక బస్తాలట్టుకుని గండి దగ్గరికే పరిగెడతారు. నీరు తోసుకొస్తుంటే బస్తా నిలవదు, వేసింది వేసినట్టే కొట్టుకుపోద్ది. ముందు పైన లాకు దించాలి. నీరు తగ్గాక రెండువైపులా మెత్తబడ్డ మట్టి తవ్వి తీసెయ్యాలి, గట్టి మట్టి తగిలేదాకా. అప్పుడు పొరపొరగా పోసి కుమ్మాలి. మెత్తమట్టి మీదే కొత్తమట్టి పోస్తే పైకి బాగానే ఉంటాది, వచ్చే వరదకి మళ్ళీ అక్కడే తెగుద్ది.

అబ్బాయి ఇప్పుడు సారీ అనే బస్తా వేస్తున్నాడు. రోజూ అమ్మకి ఫోన్ వెళ్తానే ఉంది కదా? ఆ లాకు సంగతి ముందు చూడండమ్మా.

లేసు అల్లిక (నరసాపురం)

లాకు కాపలా గారు సరిగ్గా పట్టారు. మాట జారేది పెద్ద నిర్ణయంతో కాదు, రోజువారీ ఫోన్లో. కొబ్బరాకు గారూ, ఆయన అమ్మగారికి ఏ వేళకి ఫోన్ చేస్తారో గమనించండి. చాలా ఇళ్ళల్లో అది పొద్దున ఏడు గంటలకో, పని నుంచి తిరిగొచ్చేటప్పుడో ఉంటుంది. అమ్మ "ఏంట్రా, గొంతు అలా ఉంది?" అంటుంది. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒక్కటే, నిజం. అబద్ధం ఆడలేరు, ఆడితే ఆవిడ పట్టేస్తుంది. కాబట్టి "చెప్పనని ఒట్టు" అనే మాట ఆ క్షణంలో నిలబడదు.

నిలబడేది ఏంటంటే, తన గురించి మాత్రమే చెప్పుకునే వాక్యం. "నిద్ర చాల్లేదమ్మా, అలిసిపోయాను." ఇది నిజమే, ఆయనదే. "తను రాత్రంతా ఏడ్చింది" అన్నది ఆయనది కాదు. అమ్మ ఇంకా గుచ్చి అడిగితే, "తన సంగతి తనే చెప్పాలమ్మా, నేను చెప్పను" అనాలి. ఈ రెండు వాక్యాలూ ఆయన మీ ముందు పైకి అని చూడాలి, నాలుగైదుసార్లు. నోటికి అలవాటు కాని వాక్యం ఫోన్లో రాదు.

మందుల కొట్టు (భీమవరం)

ఒక్క విషయం అందరూ దాటేస్తున్నారు. కొబ్బరాకు గారూ, ఆ పిన్నిగారి మాట విన్నాక మాత్ర మానేశారా? మానకండి. సెర్ట్రలిన్ నిద్రమాత్ర కాదు, దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందు. పాలిచ్చే తల్లులకి డాక్టర్లు తరచుగా దీన్నే ఎంచుకుంటారు, పాలల్లోకి వెళ్ళేది చాలా తక్కువ కాబట్టి. మీ డాక్టరుకి పాలిస్తున్న సంగతి తెలిసే రాసుంటారు, అనుమానముంటే ఆయన్నే అడగండి.

ఇలా మాట బయటపడ్డాక జరిగే అసలు నష్టం కొట్టు కౌంటర్లోంచి కనబడుతుంది. బంధువులు తలో మాటా అంటారు, ఆ మనిషి సిగ్గుపడి ఒక్కసారిగా ఆపేస్తుంది. రెండుమూడు రోజుల్లో తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో కరెంటు తగిలినట్టు జిల్లుమనడం మొదలవుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు "చూశారా, మాత్రలకి బానిసైపోయింది" అంటారు. అది బానిసత్వం కాదు, మందు ఉన్నట్టుండి ఆపినందుకు వచ్చే బాధ. ఆపాల్సి వస్తే డాక్టరే కొన్ని వారాల మీద మోతాదు తగ్గిస్తూ వస్తారు.

రొయ్యల చెరువు (కాళ్ళ)

మగవాడి వైపు నుంచి కూడా ఒక మాట. భార్య కుంగిపోయి ఉంటే భర్త కూడా భయపడతాడండి. రాత్రి పిల్ల ఏడుస్తుంది, భార్య ఏడుస్తుంది, తెల్లారి చెరువుకి పోవాలి. అతను ఎవరితో చెప్పుకోవాలి? "ఎవరికీ చెప్పొద్దు" అని మాట తీసుకోవడం తేలిక. ఇంకొకటి, భర్త తాగుడు గురించో అప్పుల గురించో భార్య వాళ్ళమ్మకి చెప్తే దాన్ని నమ్మకద్రోహం అని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం అతను దోషి అయిపోయాడు.

లేసు అల్లిక (నరసాపురం)

రొయ్యల చెరువు గారూ, మీ మొదటి మాట పూర్తిగా నిజం, దాన్ని పక్కన పెడితే ఏ ఒప్పందమూ నిలబడదు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న షరతు అతన్ని ఒంటరివాణ్ణి చేస్తుంది, కొన్నాళ్ళకి ఎక్కడో ఒకచోట కారిపోతుంది. దానికి మారుగా కారే చోటు ముందే ఎంచి పెట్టాలి. ఒక్క మనిషి. ఆ మనిషి ఎవరన్నది భార్య ఒప్పుకోవాలి, ఆమె బంధువర్గానికి దగ్గరివాళ్ళు కాకూడదు. ఎంతవరకు చెప్పొచ్చో కూడా అనుకోవాలి. "ఇంట్లో కష్టంగా ఉంది, నాకు భయంగా ఉంది" వరకు సరే, మందు పేరు వద్దు, ఆమె అన్న మాటలు వద్దు అని. అలాంటి మనిషి దొరక్కపోతే 14416కి చెయ్యొచ్చు. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ లైను, తెలుగులో మాట్లాడతారు. బాధపడే మనిషే చెయ్యాలని లేదు, ఆ మనిషిని చూసుకునేవాళ్ళు కూడా చెయ్యొచ్చు.

రెండో మాట గురించి. తాగి కొడుతుంటే, ఇల్లు తాకట్టు పెట్టేస్తుంటే, దాన్ని పుట్టింట్లో చెప్పడం తనని తాను కాపాడుకోవడం. రహస్యం ఎవరిదో, దానివల్ల ఎవరికి ప్రమాదమో చూడాలి. అలాగే ఆమె చచ్చిపోవాలని ఉందని అంటే భర్త రహస్యం అని కూర్చోకూడదు, ఆ గంటలోనే డాక్టరుకి చెప్పాలి, ఒంటరిగా వదలకూడదు. ఈ మినహాయింపు ముందే ఇద్దరూ అనుకుని ఉంచుకుంటే తర్వాత "నువ్వు మళ్ళీ చెప్పేశావు" అనే గొడవ రాదు.

అమెరికాలో సాండ్రా పెట్రోనియో అనే పరిశోధకురాలు దశాబ్దాలుగా ఈ విషయం మీదే పనిచేశారు. ఆవిడ ఆలోచనని మన వైపు మాటల్లో చెప్పాలంటే, రహస్యం విన్నవాడు ఉమ్మడి తోటలో వాటాదారు అవుతాడు. వాటా ఉంది కదా అని దింపు తీయించి కాయంతా తనే అమ్ముకుంటే మిగతావాళ్ళు ఊరుకోరు. చిక్కేమిటంటే, వాటాలోకి వచ్చిన ప్రతివాడికీ షరతులు విడిగా చెప్పాలి. మీ ఇద్దరికీ షరతు ఉంది. అత్తగారికి ఎవరూ ఏ షరతూ చెప్పలేదు. ఆవిడ తన వాటా అనుకుని చెల్లెలికి పంచింది.

రొయ్యల చెరువు (కాళ్ళ)

అప్పుల విషయంలో నేను ఇంకా ఒప్పుకోనండి. చెరువు పోయిన ఏడాది అప్పు అవుతుంది, అది తాగుడూ కాదు, తప్పూ కాదు. దాన్ని మావగారి ఇంట్లో చర్చకి పెడితే మగవాడికీ ఇదే బాధ.

లేసు అల్లిక (నరసాపురం)

అందులో మీ వైపు న్యాయం ఉంది. ఆ అప్పుకి భార్య నగలో పేరో అడ్డం ఉందా లేదా అన్నదాన్ని బట్టి నా జవాబు మారుతుంది. వేరే చర్చ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

కోటిపల్లి రేవు (ద్రాక్షారామం)

నేను అత్తగారి వయసుదాన్నమ్మా, నా మాట కూడా వినండి. కొడుకు ఫోన్ చేసి కోడలికి బాగోలేదని చెప్తే తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎవరితోనైనా అనుకుంటే గాని గుండె దిగదు. చెల్లెలితో అంటుంది. చెడు చెయ్యాలని కాదు. కాబట్టి ఆవిడని దోషిలా నిలబెడితే పని చెడుతుంది.

మాట్లాడాల్సింది కొడుకే. కోడలు ఫోన్ చేస్తే ఎంత నెమ్మదిగా చెప్పినా "నిలదీసింది" అనే మిగులుతుంది. కొడుకు కూడా "పిన్నికి ఎందుకు చెప్పావు?" అని మొదలెట్టకూడదు. "అమ్మా, నేనొక తప్పు చేశాను. తను నన్ను నమ్మి చెప్పిన సంగతి, తనని అడక్కుండా నీకు చెప్పేశాను. అది నేను చెప్పాల్సింది కాదు. ఇక నీకు కూడా చెప్పను, నువ్వు బాధపడొద్దు. ఇప్పటిదాకా తెలిసింది నీ దగ్గరే ఆపెయ్యి." ఇంత చాలు. తప్పు తన మీద వేసుకుంటే తల్లి ఎదురుతిరగదు. "కోడలు బాధపడుతోంది" అన్న ముక్క మాత్రం అననివ్వకండి. ఆ ముక్కతో తప్పు కొడుకు మీంచి జారి కోడలి మీద పడుతుంది.

వీలైతే ఫోన్లో కాకుండా ముమ్మిడివరం వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పమనండి. భోజనం అయ్యాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు. స్పీకరు పెట్టి మాట్లాడే పెద్దవాళ్ళు ఎక్కువ, ఫోన్లో చెప్తే ఇంకో ఇద్దరు వింటారు.

గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

రేవు గారి మాటకి ఒకటి కలుపుతాను. వెళ్ళినప్పుడు ఆ చీటీ ఫొటో సంగతి కూడా చూడాలి. వాట్సాప్‌లో అందరికీ తొలగించే వీలు పంపిన సుమారు రెండున్నర రోజుల వరకే ఉంటుంది, ఇప్పుడు ఆయన ఫోన్లోంచి కుదరదు. చాట్‌లో తీసేసినా అమ్మగారి ఫోన్ గ్యాలరీలో ఇంకో కాపీ దిగి ఉండొచ్చు, అక్కడ తీసేసినా దాని చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉండొచ్చు. ఆవిడ చేతిలోంచి ఫోన్ లాక్కోకుండా, "ఆ ఫొటో తీసేద్దాం అమ్మా" అని పక్కన కూర్చుని ఆవిడతోనే తీయించాలి. చెల్లెలికి ఫార్వర్డు అయిందా అన్నది అడగొచ్చు. అయితే ఆ కాపీ మన చేతిలో లేదు, దాన్ని ఒప్పుకోవాలి.

అరటిగెల (రావులపాలెం)

నేను ముందు ప్రశ్న సరిగ్గా చదవలేదు, క్షమించండి. కానీ తణుకు పిన్నిగారిని వదిలేస్తారా? ఆవిడ కదా నలుగురిలో అన్నది. ఆయన ఫోన్ చేసి గట్టిగా అడగాలి.

లేసు అల్లిక (నరసాపురం)

అరటిగెల గారూ, అడిగితే మనసు చల్లబడుతుంది, కాదనను. కానీ మాట ఎలా పాకుతుందో చూడండి. ఆ పిన్నిగారికి ఇది ఇప్పటికి పాత కబురు. ఫోన్ చేసి "ఎవరికీ చెప్పకు" అంటే అది మళ్ళీ కొత్త కబురవుతుంది. "నాకు ఫోన్ చేసి మరీ అడిగారు" అని ఇంకో ఇద్దరికి వెళ్తుంది. కాబట్టి ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళడం నాకిష్టం లేదు. ఆవిడ మళ్ళీ నలుగురిలో ఎత్తితే మాత్రం భర్తే అక్కడికక్కడ అందుకోవాలి. "ఆ సంగతి మేం చూసుకుంటున్నాం పిన్నీ" అని, వెంటనే వేరే మాట. ఆ ఒక్క వాక్యం ఆయన నోట నలుగురిలో వింటే భార్యకి ఎంత బలమో చెప్పలేను, ఇంట్లో చెప్పిన పది సారీల కంటే ఎక్కువ.

కొబ్బరాకు (అంబాజీపేట)

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మీ అందరికీ కృతజ్ఞతలు.

మాత్ర ఆపలేదండి, మందుల కొట్టు గారూ. రెండు రోజులు ఆపుదామా అనుకున్నాను, మీ పోస్టు చూసి ఆగాను.

కాగితం రాయించాను. ఆయన మొదట అమ్మగారి పేరు ఒక్కటే రాసి కలం పక్కన పెట్టేశారు. నేను "ఇంకా?" అన్నాను. చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత హైదరాబాదులో ఉన్న కాలేజీ ఫ్రెండు పేరు రాశారు. అతనికి వాయిస్ మెసేజి పెట్టారట, ఆరు నిమిషాలది. అందులో "రాత్రిపూట నన్ను చూస్తే కూడా ఏడుస్తోందిరా" అన్నారట. ఆ వాక్యం ఆయన చేతిరాతలో చదివాక ఆ రాత్రి మాట్లాడలేకపోయాను. కానీ అంతకంటే ఘోరమైనవి ఊహించుకుని ఉన్నాను, వాటిల్లో ఏదీ నిజం కాదని తెలిసింది.

ముమ్మిడివరం వెళ్ళొచ్చారు. అత్తయ్యగారు ఏడ్చారట. ఫోన్లోంచి ఆ ఫొటో తీయించారు, అది తణుకు పిన్నిగారికి ఫార్వర్డు కాలేదట. నాకు ఆవిడ ఫోన్ చేసి పాప గురించి మాత్రం మాట్లాడారు, ఈ ఊసు ఎత్తలేదు. అది మంచికో కాదో తెలియట్లేదు.

కుదరనిది ఒకటుంది. చెప్పుకునే మనిషిగా ఆయన ఆ హైదరాబాదు ఫ్రెండునే అడుగుతున్నారు. నేను వద్దంటున్నాను. ఇంకోటి, రోజూ రాత్రి ఆయన నిద్రపోయాక ఫోన్ చూస్తున్నాను. మానాలని ఉంది, మానలేకపోతున్నాను.

లేసు అల్లిక (నరసాపురం)

ఆ కాగితం ఆయన రాయడం చిన్న విషయం కాదు. రెండో పేరు మీరు పట్టుకోకముందే ఆయనే రాశారు, దాన్ని గుర్తుపెట్టుకోండి.

అత్తగారు ఆ ఊసు ఎత్తకపోవడం మంచికే అనుకుంటున్నాను. కొడుకు చెప్పిన షరతు ఆవిడ పాటిస్తున్నారు. మీరే ఒక చిన్న సంగతి, మీకిష్టమైనంత, మీ నోటితో ఆవిడకి చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. చెప్పాల్సిన పని లేదు.

ఫోన్ చూడటం గురించి. మీ అనుమానం సహజమే, కానీ ఫోన్‌లో మీకు కావలసింది దొరకదు. ఫోన్లో మాట్లాడింది అందులో మిగలదు కదా, ఏమీ కనబడకపోతే "తుడిచేశారేమో" అనిపిస్తుంది, మర్నాడు మళ్ళీ చూస్తారు. దొంగచాటుగా చూడటం మానేసి, వారానికి ఒకసారి, ఆదివారం అనుకోండి, పావుగంట కూర్చోండి. ఆ వారంలో మన గురించి ఎవరైనా అడిగారా, నేనేం చెప్పాను అన్నది ఆయనే చెప్పాలి, మీరు అడగకుండా. "అమ్మ అడిగింది, తన సంగతి తనే చెప్పాలి అన్నాను" అని ఆయన నోట రావడమే మీరు ఫోన్లో వెతుకుతున్నది. పావుగంట దాటనివ్వకండి, లేకపోతే అది విచారణ అవుతుంది, మూడోవారం ఆయన తప్పించుకుంటారు.

ఆయన "ఇంకా నమ్మట్లేదా?" అని రోజూ అడుగుతుంటే అది మానమనండి. ఆ ప్రశ్నకి మీరు నమ్ముతున్నానంటే అబద్ధం, నమ్మట్లేదంటే గొడవ. నమ్మకం వస్తోందా లేదా అన్నది వేరేచోట తెలుస్తుంది. చిన్న సంగతులు ముందు చెప్తారు, పాపకి పాలు చాలట్లేదేమోనన్న దిగులు లాంటివి. అది ఆయన దగ్గర నిలిచిందని రెండుమూడుసార్లు చూశాక మీకు తెలియకుండానే ఇంకాస్త పెద్దది నోటికొస్తుంది. దానికి నెలలు పడుతుంది. తొందరపడి పెద్దది ముందు చెప్పి పరీక్ష పెట్టకండి, అది తప్పితే మీరు తట్టుకోలేరు.

ఫ్రెండు విషయంలో నేను తీర్పు చెప్పను. ఇప్పటికే విన్నవాడు కాబట్టి కొత్త మనిషిని చేర్చడం కంటే మేలని ఆయన వాదన అయ్యుంటుంది, అందులో అర్థం ఉంది. ఆరు నిమిషాల వాయిస్ మెసేజి ఇంకా అతని ఫోన్లో ఉందన్న మీ బాధలోనూ అర్థం ఉంది. అతను దాన్ని తీసేశానని చెప్పాక, ఇకపై రాతలు, వాయిస్‌లు లేకుండా నోటిమాట వరకే అని ఒప్పుకుంటే మీకు సరిపోతుందా? అది మీరే చూసుకోవాలి.

రొయ్యల చెరువు (కాళ్ళ)

అతన్ని 14416కి ఒకసారి చెయ్యమనండి, ఫ్రెండు సంగతి తేలేదాకా. పొద్దున చెరువు గట్టు మీద ఉన్నప్పుడు ఎవరూ వినరు.

కొబ్బరాకు (అంబాజీపేట)

ఆయనది చెరువు కాదండి, బ్యాంకు ఉద్యోగం. అయినా చెప్తాను. వాయిస్ మెసేజి సంగతి ఈ ఆదివారం అడుగుతాను. సంక్రాంతికి ముమ్మిడివరం వెళ్ళాలి, కనుమ రోజు ప్రభలు చూడ్డానికి తణుకు పిన్నిగారు కూడా వస్తారట. "మేం చూసుకుంటున్నాం పిన్నీ" అన్న వాక్యం ఆయనతో రెండుసార్లు అనిపించాను. మూడోసారి ఆయనే అడక్కుండా అన్నారు.